పగులుకు వెడల్పు రాసిన ఉత్తరం

మా ఇంట్లో మాట కన్నా చెయ్యి ముందు లేస్తుంది. తాత చేతిలో తిన్న దెబ్బల గురించి బాపు గొప్పగా చెప్పుకునేవాడు. బాపు నన్ను కొట్టాడు, తమ్ముణ్ణి కొట్టాడు, ఒకసారి స్టార్టు కావట్లేదని ట్రాక్టరును కూడా కొట్టి వేలు విరగ్గొట్టుకున్నాడు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? సివిల్ ఇంజినీరింగ్ మూడో ఏడులో నేను కాలేజీ బస్సులో ఒకణ్ణి కొట్టాను.

మేడ్చల్‌లో ఎక్కి కండ్లకోయలో దిగే బస్సు అది. కిటికీ పక్కన నిద్రపోతున్న జూనియర్ అమ్మాయిని వాడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. ఆపమన్నాను. నవ్వాడు. ఆ నవ్వు పూర్తి కాకముందే నా చెయ్యి వాడి చెంప మీద పడింది. తూలి ముందు సీటు కడ్డీకి మూతి కొట్టుకున్నాడు. పెదవి చీలి రక్తం చొక్కా మీదికి కారింది. నాకేం బాధ కలగలేదు. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. వాడికి రెండు కుట్లు పడ్డాయి, నాకు వారం రోజుల సస్పెన్షన్ పడింది.

ఇంట్లో తిడతారనుకున్నాను. బాపు మీసం దువ్వుకున్నాడు. "నా బిడ్డె చెయ్యి లేపిందంటే అవుతలోని తప్పే ఉంటది" అని మా కాలనీ అంతా చాటింపు వేశాడు. అమ్మ మాత్రం వంటింట్లోంచి, "గీ చెయ్యి ఒకనాడు నీ మీదికే లేస్తది, సూస్కో" అన్నది. బాపు నవ్వాడు.

నాకు దిగులల్లా ఒక్క సారు క్లాసు గురించే. ఆయన మాకు మట్టి గురించి చెప్పేవారు, అంటే ఏ మట్టి ఎంత బరువు మోస్తుంది, ఏ గోడను ఎంత బలంతో నెడుతుంది అనే సబ్జెక్టు. అల్వాల్ నుంచి పాత స్కూటర్ మీద వచ్చేవారు. బక్క మనిషి, గొంతు పెంచి ఎరుగరు. కాలేజీలో ఇంకెవరికీ లేని పద్ధతి ఆయనకొకటి ఉండేది. క్లాసు తప్పిపోయినవాళ్లు ఆ రోజు స్లైడ్లు తెచ్చుకుని చదివి, ఆయనకు చేత్తో ఉత్తరం రాయాలి. ముందు అర్థమైనదంతా స్లైడు నంబర్లు వేసి సొంత మాటల్లో రాయాలి. చివర్లో అర్థం కాని సంగతులు రెండు అడగాలి. ఒకటి కాదు, మూడు కాదు, రెండే.

"ఒక్క అనుమానం కూడా లేదంటే సదువలేదని లెక్క. పది అనుమానాలంటే అసలే సదువలేదని లెక్క. రెండు మిగిలినయంటేనే మెదడు పనిజేసినట్టు" అనేవారు.

భాష మీద పట్టింపు లేదు. ఏ భాషలో అర్థమైతే ఆ భాషలో రాయమనేవారు. ఆయన గది బయట బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి ఉండేది. ఉత్తరం అందులో వేస్తే, మూడు నాలుగు రోజులకు వెనక వైపు ఎర్ర సిరాతో జవాబు రాసి తిరిగిచ్చేవారు. అది వచ్చాకే హాజరు వేసేవారు. దాన్ని మేం మస్తు వెక్కిరించేవాళ్లం. ఫోన్‌లో అడిగితే పోయే దానికి ఈ తపాలా సంబరం ఏమిటని.

సస్పెన్షన్ రెండో రోజున బాపు అన్నాడు, "ఇంట్ల కూసొని గోళ్లు గిల్లుకునుడెందుకు, నా ఎంబడి సైట్ కాడికి రా. రేపు నువ్వు సేసే పనే గదా."

శామీర్‌పేట దాటాక మాకు కొంచెం జాగ ఉండేది. నాలుగంతస్తుల అపార్టుమెంటు కడుతున్నాడు బాపు. అడుగున కార్లు పెట్టుకోవడానికి సెల్లారు. దానికోసం రెండు నిలువుల లోతున గుంత తవ్వించాడు. హద్దు దాకా, నిట్టనిలువుగా. వాలుగా తవ్వితే జాగ పోతుందని ఆయన బాధ. "అడుగు ఇడిస్తే అడుగు పోయినట్టే" అనేవాడు. తవ్విన మట్టిని ఎత్తుకుపోవాల్సిన టిప్పర్లు రాక, ఆ మట్టంతా గుంతకు ఉత్తరం దిక్కు అంచునే కుప్ప పోసి ఉంది. ఆ కుప్ప కిందే, గుంత అడుగున, పునాదులకు ఇనుము కడుతూ ఏడుగురున్నారు. ఒక ముసలి మేస్త్రీ, నలుగురు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. మేస్త్రీ నా చిన్నప్పటి నుంచీ మా పనులే చేస్తున్నాడు. మా ఇంటి గడప కూడా ఆయన వేసిందే.

రేకుల షెడ్డులో కూర్చుని ఫోన్‌లో ఆ రోజు స్లైడ్లు తెరిచాను. గోడల మీద మట్టి ఒత్తిడి. ఇరవై నాలుగు స్లైడ్లు. క్లాసులో కూర్చుంటే నిద్రొచ్చేదేమో, సైట్‌లో మాత్రం రాలేదు. ప్రతి బొమ్మా నా ముందే ఉంది మరి. పద్దెనిమిదో స్లైడులో పగులు బొమ్మ ఉంది. నిలువు కోతకు కొంచెం వెనక, పై నుంచి కిందికి ఒక గీత. నాకెందుకో లేచి వెళ్లి చూడాలనిపించింది.

ఉంది. అంచుకూ మట్టికుప్పకూ నడుమ, అంచు నుంచి నాలుగు అడుగుల దూరంలో, గుంత పొడవునా సన్నటి పగులు. బొటనవేలి గోరు పెట్టి చూశాను. గోరు పట్టింది.

మర్నాడు పొద్దున మళ్లీ పెట్టి చూశాను. బొటనవేలు మొత్తం దిగింది.

బాపు దగ్గరికి పరుగెత్తాను. ఆయన కుర్చీలో కూర్చుని ఫోన్‌లో ఎవరితోనో గొడవ పడుతున్నాడు. "బాపూ, అంచు పగులుతాంది. కుప్ప తీపియ్యి. అందరినీ పైకి రమ్మను" అన్నాను. ఆయన ఫోను పక్కన పెట్టాడు. కిందనుంచి మేస్త్రీ తలెత్తి చూశాడు. "ఎండకు నెర్రెలిచ్చిందేమో పటేలా. పదిరోజుల సంది నిలవడ్డది గదా" అన్నాడు.

"గది కాదు! స్లైడ్లల్ల సారు..."

చెంప పగిలింది. చెవిలో ఈల మోగింది. నేను కిందపడలేదు గానీ షెడ్డు గుంజ పట్టుకోవాల్సి వచ్చింది.

"నాలుగు బొమ్మలు జూసి నాకు నేర్పుతవా? నువ్వు పుట్టకముందు నుంచి తవ్విపిస్తున్న గుంతలు! పనోళ్ల ముంగట పరేషాన్ జేస్తే కాళ్లిరగ్గొడ్త!"

గుంతలోని ఏడుగురూ తలలు దించుకుని ఇనుము కట్టుకున్నారు. అంతమంది ముందు దెబ్బ తిన్నానన్న సిగ్గు ముందు, పగులు సంగతి వెనక. ఆ వయసులో నాకున్న బుద్ధి అంతే. కోపంతో ఒళ్లంతా మండింది. షెడ్డులోకి వెళ్లి, బ్యాగులోంచి నోటుపుస్తకం తీసి, సారుకు ఉత్తరం మొదలుపెట్టాను. బాపు మీద చెయ్యి ఎత్తలేను. ఆయన మీద చాడీ కూడా చెప్పలేను, పరాయివాళ్లకు ఇంటి గుట్టు చెప్పడం మా వంశంలో లేదు. పాఠం మీద అనుమానం మాత్రం అడగొచ్చు కదా.

ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది. కొన్ని ముక్కలు ఉన్నవి ఉన్నట్టే ఇక్కడ రాస్తున్నాను.

"సార్, ఒకటి నుంచి ఎనిమిది స్లైడ్లు అర్థమయ్యాయి. మా బస్సు లెక్కన రాస్తాను. కిక్కిరిసిన బస్సులో తలుపు దగ్గర నేను నిలబడ్డాను. నేను కదలకుంటే జనం నన్ను ఒక తీరుగా ఒత్తుతారు. నేను కొంచెం వెనక్కి జరిగితే, వాళ్లు కాళ్లు తన్నిపెట్టి నిలబడే ప్రయత్నం చేస్తారు కాబట్టి నా మీద ఒత్తిడి తగ్గుతుంది. అది యాక్టివ్. నేనే వాళ్ల మీదికి నెట్టుకుంటూ పోతే అందరూ మొండికేస్తారు, ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది. అది పాసివ్.

"తొమ్మిది నుంచి పద్నాలుగు: లోతుకు పోయేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, బొమ్మ త్రిభుజంలా వస్తుంది. మొత్తం బలం అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో పనిచేస్తుంది. పైన నేల మీద బరువు పరిస్తే, ఆ బరువులో కొంత వంతు పైనుంచి కింది దాకా ఒకే తీరుగా ఒత్తిడికి కలుస్తుంది.

"పదిహేను నుంచి పద్దెనిమిది: అంటుకునే గుణమున్న మట్టి తనను తాను కొంత పట్టుకుంటుంది, అందుకని నెట్టే బలం తగ్గుతుంది. పైభాగంలో లెక్క మైనస్ వస్తుంది. మైనస్ అంటే మట్టి లాగాలి. మట్టికి లాగే బలం లేదు, అందుకే అక్కడ పగులుతుంది.

"ఇక రెండు అనుమానాలు. మొదటిది: పంతొమ్మిదో స్లైడులో గోడ మీద బలం లెక్కకట్టేటప్పుడు ఆ మైనస్ భాగాన్ని కొట్టేశారు. ఇరవై ఒకటో స్లైడులో, గోడ లేకుండా ఎంత లోతు నిలువుగా తవ్వొచ్చో చెప్పేటప్పుడు, అదే మైనస్‌ను ప్లస్‌తో సరిచేశారు. మట్టి లాగలేదని ఒకచోట అని, ఇంకోచోట ఆ లాగుడునే ఎందుకు నమ్మాం?

"రెండోది: ఇరవై మూడో స్లైడులో పగులు నిండా నీళ్లుంటే, ఆ నీళ్ల బలాన్ని మట్టి బలాన్ని తగ్గించినట్టు తగ్గించలేదు. ఎందుకు? రెండు నిలువుల కోత పైన మట్టికుప్ప ఉండి, అంచుకు నాలుగు అడుగుల దూరంలో పగులు ఉండి, అది నిన్న గోరు పట్టేంత, ఇవాళ బొటనవేలు దిగేంత ఉంటే, వాన పడితే ఆ కోత ఎంతసేపు నిలుస్తుంది?"

మూడున్నర పేజీలు అర్థమైన సంగతులు రాసి, ఏడు ప్రాణాల సంగతి చిట్టచివర, రెండో అనుమానంగా రాశాను. పద్ధతి అదే కదా! ఫోన్ చెయ్యాలని నాకు తట్టనే లేదు. డబ్బాలో వేస్తే మూడు రోజులకు ఎర్ర సిరాతో జవాబొస్తుందని, అది బాపు ముఖాన కొడతానని అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో తల్చుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సాయంత్రం కాలేజీకి వెళ్లాను. సస్పెండైనదాన్ని కాబట్టి గేటు దాటనివ్వలేదు. వాచ్‌మెన్‌ను బతిమాలితే ఆయనే వెళ్లి ఉత్తరం డబ్బాలో వేసి వచ్చాడు. ఇంటికి తిరిగొస్తుంటే చినుకులు మొదలయ్యాయి. రాత్రంతా ఆగకుండా కురిసింది.

తెల్లారి వాన వెలిసింది. బాపు ఆగేలా లేడు. మధ్యాహ్నానికి కాంక్రీటు లారీలు వస్తాయి, ఆలోపు ఇనుము కట్టడం అయిపోవాలి. గుంతలో చేరిన నీళ్లను మోటారుతో తోడించి, ఏడుగురినీ మళ్లీ దింపాడు. నేను షెడ్డులో నిలబడి చూస్తున్నాను. చెంప ఇంకా వాచి ఉంది. నోరు తెరవాలంటే భయమేసింది. ఆ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది గానీ, భయమే వేసింది.

అప్పుడు ఫోను మోగింది. సారు. ఆఫీసులో ఎవర్నో లేపి నా నంబరు తీసుకున్నారట.

సారు ఉత్తరాలను ఎప్పుడూ చివరి పేజీ నుంచి చదువుతారని నాకు తర్వాత తెలిసింది. ముందురోజు డబ్బాలోని కట్టను ఇంటికి తీసుకుపోయి, పొద్దున చాయ్ తాగుతూ నా చివరి పేజీ తిప్పారు.

"బిడ్డా, ఒక్కటి అడుగుత, సక్కగ జెప్పు. పుస్తకంల పగులుకు లోతుంటది. వెడల్పుండదు. బొటనవేలు దిగిందని రాసినవ్. ఎవలి బొటనవేలు?"

"నాదే, సార్."

"ఎక్కడుంది ఆ గుంత?"

"శామీర్‌పేటల, సార్. మా బాపుది."

"లోపల మనుషులున్నరా?"

"ఏడుగురున్నరు సార్."

"నేనొస్తున్న. నువ్వు లోపలికి దిగకు, అంచు మీద నిలవడకు. దూరం నుంచి కేకెయ్యి, పైకి రమ్మను."

కేకేశాను. మేస్త్రీ నా వైపు చూశాడు, తర్వాత బాపు వైపు చూశాడు. బాపు పని కానిమ్మన్నట్టు వేలు చూపించాడు. అందరూ మళ్లీ వంగారు. మూడుసార్లు కేకేశాను. మూడోసారి బాపు లేచి నా జుట్టు పట్టుకుని షెడ్డులోకి విసిరాడు. మోకాలు సిమెంటు బస్తా మీద పడింది కాబట్టి సరిపోయింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా అవ్వ అనేది. గుంతలో ఉన్నవాళ్లకే లేని భయం నాకెందుకని ఒక్క క్షణం నాకూ అనిపించింది.

సారు వచ్చేసరికి బట్టలు మోకాళ్ల దాకా బురద. హెల్మెటు కూడా తియ్యకుండా కుప్ప చుట్టూ తిరిగొచ్చి, పక్కనుంచి వంగి పగులులోకి చూశారు. లేచేసరికి ఆయన ముఖం తెల్లబారింది. నీళ్లు పగులు నోటి దాకా నిండి ఉన్నాయట.

"అయ్యా, మీ మనుషుల్ని ఇప్పుడే పైకి రమ్మనుండ్రి. మాటలు తర్వాత" అన్నారు, హెల్మెటు తీస్తూ.

"ఎవలు నువ్వు?"

"నీ బిడ్డె సారును."

బాపు నా వైపు తిరిగాడు. చూపులోనే నన్ను నరికేశాడు. "ఇంట్ల మాట బయటేసినవా? సారైతే బడిల ఉండుండ్రి. గిది నా జాగ."

"జాగ నీదే. పాణాలు నీయి గావు."

ఆ మాటతో బాపు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. సారు కాలరు పట్టుకుని వెనక్కి నెట్టాడు. సారు తూలి నిలదొక్కుకుని, "ముందుగాల వాళ్లను పైకి రమ్మను, తర్వాత నన్ను ఎంతసేపన్న కొట్టు" అన్నారు. గొంతు పెంచకుండానే అన్నారు. బాపు కొట్టాడు. కళ్లజోడు ఎగిరి ఇనుప ముక్కల్లో పడింది. రెండో దెబ్బకు సారు బురదలో కూలబడ్డారు. ముక్కులోంచి రక్తం మీసం మీదికి కారుతోంది. బాపు కాలెత్తాడు.

అప్పుడు నేను గుంత గురించి ఆలోచించలేదు. ఆలోచించానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ అది అబద్ధం. ఆ కాలు పడకూడదన్న ఒక్కటే ఉంది నాలో. అడ్డం వెళ్లి, నా బలమంతా కూడగట్టి బాపు చెంప మీద కొట్టాను.

ఆ చప్పుడుకు మోటారు శబ్దం కూడా వినపడనట్టయింది. బాపు కళ్లు పెద్దవి చేసి చూశాడు. తర్వాత నా మెడ పట్టుకున్నాడు. నేను ఆయన మణికట్టు కొరికాను. ఉప్పగా రక్తం నా పళ్లకు తగిలింది. ఆయన ఇంకో చేత్తో నా వీపు మీద గుద్దుతున్నాడు, నేను ఆయన పిక్కల మీద తంతున్నాను. ఇద్దరం బురదలో పడ్డాం.

"ఓయమ్మా, పటేల్‌ను బిడ్డె కొడుతాంది! జల్దీ రాండ్రి, ఒకల్నొకలు సంపుకుంటరు!" అని గుంతలోంచి ఆడమనిషి కేక వినపడింది.

నా కేకలకు కదలనివాళ్లు, సారు మాటకు తలెత్తనివాళ్లు, మమ్మల్ని విడదీయడానికి నిచ్చెన మీద పడి వచ్చారు. ఇద్దరు ఆడవాళ్లు ముందు, వెనక నలుగురు మగవాళ్లు. ఒకడు బాపును నడుం పట్టి లాగాడు, ఒకామె నన్ను రెక్క పట్టి లాగింది. మేస్త్రీ కూడా నిచ్చెన దాకా వచ్చాడట. ఫోను పెట్టుకున్న చొక్కా ఇనుప కడ్డీకి తగిలించి ఉందని గుర్తొచ్చి వెనక్కి తిరిగాడట.

లారీ మీంచి బియ్యం బస్తాలు వరసగా పడేసినట్టు దబదబమంది. తల తిప్పి చూస్తే మట్టికుప్ప లేదు. అంచు లేదు. నాలుగు అడుగుల మందాన నేల మొత్తం కిందికి జారి, ఇనుమును గడ్డిపోచల్లా వంచేసింది. ఎర్ర నీళ్లు బుసబుసమంటూ దాని మీద పారుతున్నాయి.

ఆ మట్టి చివర మేస్త్రీ నడుం దాకా కూరుకుపోయి ఉన్నాడు. నోరు తెరిచి ఉంది, అరుపు రావడం లేదు.

టిప్పర్ల కోసం ఆగి ఉన్న జేసీబీ డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. సారు ముక్కు తుడుచుకుంటూ లేచి, "బంద్ జెయ్! దాని అదురుకు మిగిలిన మట్టి గూడ వస్తది!" అని అరిచారు. ఆయన అరవడం నేను విన్నది అప్పుడొక్కసారే. తెగిన అంచు దగ్గరికి ఎవ్వరినీ పోనివ్వలేదు. అవతలి వైపు నుంచి చెక్కలు వేయించి, ఇద్దర్ని మాత్రం దిగమన్నారు. చేతులతో తవ్వాలి, లాగకూడదు అన్నారు. దిగిన ఇద్దరిలో ఒకడు బాపు.

ఆ మనిషి గోళ్లతో తవ్వాడు. నేను కొరికిన మణికట్టు నుంచి రక్తం కారుతూనే ఉంది, మట్టి ఎరుపులో కలిసిపోతోంది. "నిన్ను తీస్తనే, నిన్ను తీస్తనే" అని అదే మాట ఆగకుండా గొణుగుతున్నాడు. తీసేసరికి మేస్త్రీ ఎడమ కాలు రెండుచోట్ల విరిగి, మోకాలి కింద ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. అంబులెన్సు ఎక్కిస్తున్నప్పుడు ఆయన నన్ను చూసి, "పదిరోజుల సంది నిలవడ్డది గదా బిడ్డా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ప్రాణం దక్కింది. కాలు మాత్రం కుదురుకోలేదు, ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. బాపు మీద కేసయింది, ఇంకా నడుస్తోంది. సారు మాత్రం తనను కొట్టినందుకు ఫిర్యాదు ఇవ్వనన్నారు. పగులు సంగతి, కుప్ప సంగతి పోలీసులకు ఉన్నదున్నట్టు చెప్పారు. నేనూ చెప్పాను.

సస్పెన్షన్ అయిపోయి కాలేజీకి వెళ్లిన రోజు, కళ్లజోడుకు టేపు చుట్టుకుని సారు క్లాసుకు వచ్చారు. ముక్కు ఇంకా నల్లగా కమిలి ఉంది. క్లాసయ్యాక ఉత్తరం నా చేతికిచ్చారు. వెనక ఎర్ర సిరా.

"మొదటి దానికి: నీ అనుమానం సరైనదే. ఇరవై ఒకటో స్లైడు పగులు రాకముందు లెక్క, అదీ కొద్దికాలానికే. పగులు వచ్చాక ఆ లోతులో మూడింట రెండు వంతులే నమ్మాలి. ఆ సంగతి స్లైడులో నేను రాయలేదు. తప్పు నాది. రెండో దానికి: మట్టికి లోపల రాపిడి ఉంది, నీళ్లకు లేదు. నీళ్లు అన్ని వైపులా ఒకే బలంతో నెడతాయి, అందుకే తగ్గింపు లేదు. 'ఎంతసేపు' అన్నదానికి లెక్క లేదు. పగులు పెరుగుతుంటే జవాబు ఒక్కటే, ఇప్పుడే బయటికి రావాలి. హాజరు వేశాను."

ఆయన గది ముందు నుంచి పోతూ చూస్తే, రేకు డబ్బా మీద కొత్త కాగితం అంటించి ఉంది. "మనుషులు గుంతలో ఉంటే ఉత్తరం వద్దు. ఫోన్ చెయ్యండి." కింద ఆయన నంబరు. ఆ కాగితాన్ని ఎవ్వరూ వెక్కిరించలేదు.

బాపూ నేనూ నెల రోజులకు పైగా మాట్లాడుకోలేదు. అమ్మ మధ్యలో ఉండి "అన్నం తినమను", "తిన్ననని చెప్పు" అని మా ఇద్దరి మాటలు మోసింది. ఒక ఆదివారం నేను స్నానం చేసి వచ్చేసరికి ఆయన నా బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు ఆ ఉత్తరం. తెలుగులో రాశాను కదా, చదువుతున్నాడు. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ. బస్సు దగ్గర ఆగాడు, కొంచెం నవ్వొచ్చినట్టుంది. చివరి పేజీకి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. తన బొటనవేలు తానే చూసుకున్నాడు. మణికట్టు మీద నా పళ్ల గాటు అర్ధచంద్రంలా మానింది.

"ఇంత సక్కగ రాసినవ్" అన్నాడు నా వైపు తిరగకుండానే. "గిదంత నాకెందుకు జెప్పలేదు బిడ్డా?"

నాకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"ముందుగాల నీకే చెప్పిన బాపూ" అన్నాను. "కొట్టినవ్."

ఆయన కాగితాలు మడతల ప్రకారం మడిచి, ఎక్కడివక్కడ పెట్టి, లేచి బయటికి పోయాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరి మీదా ఆయన చెయ్యి లేవలేదు. నేను ఏదన్నా చెప్పబోతే మాత్రం, రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని వింటాడు.